శనివారం రివ్యూ నోట్సు, సోమవారం మేనేజరుకు ఒక పేజీ

సేల్స్ రివ్యూ అయ్యాక చేతిలో మిగిలేవి నాలుగు పేజీల గీతలు, వాట్సాప్ గ్రూపులో పది మెసేజిలు, ఎవరో తీసిన వైట్‌బోర్డు ఫొటో. వాటిని వరసగా టైపు చేసి పంపితే మేనేజరు చదవరు. చదివినా వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "పోయిన వారానికీ ఈ వారానికీ ఏం మారింది?" మీటింగులో ఎవరేం అన్నారన్నది మినిట్స్ పని. బ్రీఫ్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఏం మారింది, ఎంత మారింది, ఎందుకు మారింది, ఇప్పుడు ఎవరు ఎప్పటికి ఏం చేయాలి అన్నవి ఒక పేజీలో రావాలి.

ఇదెలా చేయాలో ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. గుంటూరు చుట్టుపక్కల మిల్లులకు, ఆసుపత్రులకు, కోల్డ్ స్టోరేజిలకు రూఫ్‌టాప్ సోలార్ అమ్మే చిన్న టీం అనుకోండి. రమేష్, సుజాత, ఇమ్రాన్ అని ముగ్గురు సేల్స్ వాళ్లు, వాళ్ల పైన ఒక మేనేజరు, నోట్సు రాసే మీరు. పేర్లు, అంకెలు అన్నీ ఉదాహరణ కోసమే. రివ్యూ శనివారం సాయంత్రం జరుగుతుంది. బ్రీఫ్ సోమవారం పొద్దున పదింటికల్లా మేనేజరుకు చేరాలి.

ముందు పోయిన వారాన్ని భద్రం చేయండి

మార్పు చూపించాలంటే రెండు ఫొటోలు కావాలి, పాతదొకటి, కొత్తదొకటి. చాలా టీముల దగ్గర పాతది ఉండదు. ఒకే షీటులో అందరూ అంకెల మీద అంకెలు కొడుతూ పోతారు. పోయిన శనివారం స్పిన్నింగ్ మిల్లు విలువ ఎంత ఉందో ఈ శనివారం ఎవరూ చెప్పలేరు. సీఆర్ఎం వాడుతున్నా ఇదే ఇబ్బంది, ఎందుకంటే తెర మీద కనిపించేది ఇవాళ్టి లెక్క. వారం వారం ఒకే సమయానికి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోకపోతే నిన్నటిది చేతికి రాదు.

గూగుల్ షీట్స్‌లో అయితే రెండు ట్యాబులు చాలు. ఒకదానికి `Last`, రెండోదానికి `This` అని పేరు పెట్టండి. రెండింట్లోనూ కాలమ్‌లు ఒకే వరసలో ఉండాలి: A లో డీల్ నంబరు, B లో కస్టమరు, C లో డీల్ చూసే సేల్స్ మనిషి పేరు, D లో దశ, E లో విలువ లక్షల్లో, F లో పర్చేజ్ ఆర్డరు, అంటే పీవో, వస్తుందనుకునే తేదీ. రివ్యూకి ముందు `This` లో A నుంచి F వరకు కాలమ్‌లను కాపీ చేసి `Last` లో విలువలుగా మాత్రమే అతికించండి (Ctrl+Shift+V). పోయిన వారం గెలిచినవీ పోయినవీ ఉంటే ఆ వరసలను రెండు చోట్లా తీసేయండి. అక్కడి నుంచి `Last` ను ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ట్యాబును లాక్ చేసేస్తే మంచిది.

డీల్ నంబరు ఎందుకని అడుగుతారు. కస్టమరు పేరును ఒకరు "శ్రీ" పెట్టి రాస్తారు, ఇంకొకరు ఓనరు ఇంటిపేరుతో రాస్తారు. షీటు దృష్టిలో అవి రెండు డీల్స్. పాతది మాయమైనట్టు, కొత్తది పుట్టినట్టు చూపిస్తుంది. RM-014, SJ-009 అంటూ ఒక నంబరు ఇచ్చి, డీల్ చేతులు మారినా ఆ నంబరు మార్చకండి. డీల్ చూసే మనిషి మారితే C కాలమ్ మారుతుంది, అంతే.

ఇంకో నియమం కూడా మొదటి రోజే పెట్టుకోండి. విలువలన్నీ జీఎస్టీ కలపకుండానే రాయాలి. ఒకరు కలిపి, ఒకరు కలపకుండా రాస్తే ఏ అమ్మకమూ లేకుండానే పైప్‌లైన్, అంటే ఇంకా తేలని డీల్స్ మొత్తం విలువ, పెరిగినట్టు కనిపిస్తుంది. కొటేషన్ సవరించిన వారంలో ఈ పొరపాటు ఎక్కువగా దొర్లుతుంది, ఎందుకంటే కాపీ చేసేది కొటేషన్ కింద ఉండే గ్రాండ్ టోటల్.

నోట్సును డీల్స్‌గా విడగొట్టండి

నవంబరు 15, శనివారం నాటికి మన ఉదాహరణ టీం దగ్గర ఆరు డీల్స్ ఉన్నాయి. రమేష్‌వి కోల్డ్ స్టోరేజ్ 45 లక్షలు, స్పిన్నింగ్ మిల్లు 84. సుజాతవి ఆసుపత్రి 28, ఇంజనీరింగ్ కాలేజీ 54. ఇమ్రాన్‌వి రైస్ మిల్లు 36, కల్యాణ మండపం 15. మొత్తం 262 లక్షలు.

నవంబరు 22 రివ్యూలో మీరు గబగబా రాసుకున్నది ఇలా ఉంది:

> రమేష్: కోల్డ్ స్టోరేజ్ ఓనరుగారు పాజిటివ్‌గానే ఉన్నారు, బ్యాంకు లోను రావాలి, నెక్స్ట్ వీక్ అయిపోతుంది. స్పిన్నింగ్ మిల్లుకి రివైజ్డ్ కొటేషన్ ఇచ్చాం, 2% అడుగుతున్నారు, సార్‌తో మాట్లాడాలి. చిల్లింగ్ సెంటర్ కొత్తది, 40.
> సుజాత: హాస్పిటల్ డన్. కొంచెం తగ్గించాం.
> ఇమ్రాన్: రైస్ మిల్లు వాళ్లు వేరేవాళ్లతో మాట్లాడుతున్నారట, చూద్దాం. కల్యాణ మండపం 40 చేయమంటున్నారు. ఐస్ ఫ్యాక్టరీ కొత్త ఎంక్వైరీ, 50 కిలోవాట్లు, 23 వరకు అవుతుంది. సైట్ చూడాలి.

దీన్ని చూస్తూ నేరుగా బ్రీఫ్ రాయడం మొదలుపెట్టకండి. ఒక్కో డీల్‌కు ఒక్కో వరస చొప్పున `This` ట్యాబులో నింపండి. నింపుతున్నప్పుడే నోట్సులో ఏది లేదో తెలుస్తుంది. చిల్లింగ్ సెంటర్ పక్కన రాసిన 40 ఏమిటి, కిలోవాట్లా లక్షలా? సోలార్ వాళ్లు రెండింటినీ ఒట్టి అంకెగానే పలుకుతారు. 40 కిలోవాట్లయితే డీల్ విలువ 18 లక్షల దగ్గర ఉంటుంది, 40 లక్షలయితే అది రెట్టింపుకు పైగా పెద్ద డీల్. ఆసుపత్రికి "కొంచెం" తగ్గించారు సరే, ఎంత? స్పిన్నింగ్ మిల్లుకు సవరించిన కొటేషన్ ఎంతకిచ్చారు? "నెక్స్ట్ వీక్" అంటే ఏ తేదీ?

అసలు కనిపించనిది ఇంకొకటి ఉంది. కాలేజీ ఊసే లేదు. రివ్యూలో ఎవరూ అడగలేదు, సుజాతా చెప్పలేదు. నోట్సు మాత్రమే చూసి బ్రీఫ్ రాసేవారికి ఈ 54 లక్షల డీల్ గుర్తుకే రాదు. అందుకే `Last` ట్యాబులో G కాలమ్‌లో ఈ చిన్న ఫార్ములా పెట్టుకోవాలి:

```
=COUNTIF(This!$A:$A,$A2)
```

సున్నా వచ్చిన ప్రతి వరసా, పోయిన వారం ఉండి ఈ వారం కనిపించకుండా పోయిన డీల్. ఇది పని చేయాలంటే `This` ట్యాబును ప్రతి వారం నోట్సు చూసి మొదటి నుంచి నింపాలి, పాత వరసలను అలాగే ఉంచేయకూడదు. కాస్త పని పెరుగుతుంది. కానీ పాత వరసలు అలాగే ఉంటే మౌనంగా చచ్చిపోయిన డీల్ నెలల తరబడి బతికున్నట్టే కనిపిస్తుంది.

ఖాళీలు ఫోన్‌లో నింపండి, ఊహించకండి

శనివారం రాత్రి గానీ సోమవారం తొమ్మిదింటికి గానీ ముగ్గురికీ తలో ఐదు నిమిషాల ఫోన్ చాలు. "ఇంకేమైనా ఉందా" అని అడిగితే "ఏం లేదండి" అంటారు. తేదీ, అంకె, ఆధారం పేరుపెట్టి అడగండి. రైస్ మిల్లు గురించి సంభాషణ ఇలా నడుస్తుంది:

"ఇమ్రాన్ గారూ, రైస్ మిల్లు వాళ్లు వేరేవాళ్లకి అడ్వాన్సు ఇచ్చేశారా, ఇంకా మాటల్లోనే ఉన్నారా?"

"ఇచ్చేశారండి, మంగళవారమే. కానీ వాళ్లకి ప్యానెళ్లు లేటయితే మళ్లీ మన దగ్గరికే వస్తారు."

"వస్తే కొత్త నంబరు ఇచ్చి ఎక్కిద్దాం. ఇప్పటికి పోయినట్టే రాయనా?"

"...రాయండి."

ఆ చివరి మాట నోట్సులో దొరకదు. పోయిన డీల్‌ను పోయిందని తనంతట తాను చెప్పే సేల్స్‌మన్ అరుదు. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు, ఆశ లేనివాడు ఆ ఉద్యోగం చేయలేడు. కానీ అవతలివాళ్లు అడ్వాన్సు అందుకున్నారంటే మన లెక్కలో అది LOST. ఈ గీతను టీం మొత్తానికీ ఒకేలా గీయండి. పీవో కాపీ చేతికొస్తేనే WON. వేరేవాళ్లకు అడ్వాన్సు వెళ్లినా, కస్టమరు వద్దని చెప్పినా LOST. మధ్యలో ఉన్నదంతా ఓపెన్.

మిగతా ఫోన్లలో తేలినవి ఇవి. ఆసుపత్రి పీవో 27 లక్షలకు వచ్చింది. స్పిన్నింగ్ మిల్లులో కరెంటు బిల్లు మీద ఉన్న కాంట్రాక్టు లోడు తక్కువ కావడంతో 200 కిలోవాట్లను 150కి తగ్గించి, 84 లక్షల కొటేషన్‌ను 63కి సవరించారు. కల్యాణ మండపం 30 నుంచి 40 కిలోవాట్లకు పెరిగింది కాబట్టి 15 కాస్తా 19 అయింది. చిల్లింగ్ సెంటర్ 40 కిలోవాట్లే, 18 లక్షలు. ఐస్ ఫ్యాక్టరీ 23 ఖాయమే. కాలేజీలో ట్రస్టు సమావేశం వాయిదా పడింది, కొత్త తేదీ తెలియదు. కోల్డ్ స్టోరేజ్ తేదీ నవంబరు 28 నుంచి డిసెంబరు 15కి జరిగింది. అంతకుముందు అది నవంబరు 10, అంటే జరగడం ఇది రెండోసారి.

లెక్క కలపండి

ఇప్పుడు `This` ట్యాబులో G కాలమ్‌లో విలువ మార్పు, H కాలమ్‌లో తేదీ ఎన్ని రోజులు జరిగిందో వచ్చేలా ఇవి పెట్టండి:

```
=E2-IFERROR(VLOOKUP($A2,Last!$A:$F,5,FALSE),0)
=IFERROR(F2-VLOOKUP($A2,Last!$A:$F,6,FALSE),"NEW")
```

కోల్డ్ స్టోరేజ్ వరసలో H లో 17 వస్తుంది. చిల్లింగ్ సెంటర్, ఐస్ ఫ్యాక్టరీ పక్కన NEW వస్తుంది. H లో అంకెకు బదులు తేదీ కనిపిస్తే ఆ కాలమ్ ఫార్మాట్‌ను నంబరుగా మార్చండి. అంతా NEW అని వస్తే మాత్రం డీల్ నంబర్ల చివర స్పేస్ పడిందేమో, F లో తేదీలు టెక్స్ట్‌గా ఎక్కాయేమో చూడండి. గెలిచిన, పోయిన డీల్స్ ఈ ఒక్క వారం `This` లోనే ఉంటాయి. D కాలమ్‌లో వాటికి WON అనో LOST అనో రాయండి. మిగిలిన పైప్‌లైన్ మొత్తం ఇలా వస్తుంది:

```
=SUMIFS(E:E,D:D,"<>WON",D:D,"<>LOST")
```

ఇక పాత మొత్తం నుంచి కొత్త మొత్తానికి మెట్టు మెట్టుగా దిగాలి. పోయిన వారం 262. కొత్తగా వచ్చినవి 18, 23 కలిపి 41. విలువ పెరిగింది కల్యాణ మండపంలో 4. తగ్గింది స్పిన్నింగ్ మిల్లులో 21, ఆసుపత్రిలో 1, కలిపి 22. గెలిచింది 27, పోయింది 36. 262కి 41, 4 కలిపి అందులోంచి 22, 27, 36 తీసేస్తే 222 మిగలాలి. షీటులో ఓపెన్‌గా ఉన్నవి కూడితే, అంటే కోల్డ్ స్టోరేజ్ 45, స్పిన్నింగ్ మిల్లు 63, కాలేజీ 54, కల్యాణ మండపం 19, ఐస్ ఫ్యాక్టరీ 23, చిల్లింగ్ సెంటర్ 18, అదే 222 రావాలి. వచ్చింది.

రెండు వైపులా కలవకపోతే బ్రీఫ్ పంపకండి. తేడా ఎంతో చూస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. తేడా సరిగ్గా 54 అయితే కాలేజీని మరిచిపోయారు. 22 అయితే చిల్లింగ్ సెంటర్‌కు ఒకచోట 40, ఇంకోచోట 18 పడింది. తేడా ఏ డీల్‌తోనూ సరిపోకుండా అడ్డదిడ్డంగా ఉంటే జీఎస్టీని అనుమానించండి.

లెక్క కలిసినంత మాత్రాన అన్నీ సరైనవని కాదు, ఇది గుర్తుంచుకోవాలి. ఆసుపత్రిని పాత విలువ 28కే గెలిచినట్టు రాసి, ఒక లక్ష తగ్గింపును వదిలేసి చూడండి. చివర 222 అలాగే వస్తుంది. పైప్‌లైన్ లెక్క తప్పు కాదు, అమ్మకాల లెక్క తప్పు. అకౌంట్స్ వాళ్లు పీవో చూసి 27 అంటే మీ బ్రీఫ్ మీద నమ్మకం పోతుంది. గెలిచిన డీల్ విలువను ఎప్పుడూ పీవో కాగితం మీద చూసే రాయాలి, మాట విని కాదు.

మొదటి వాక్యం ఏది?

ఇక్కడే చాలా బ్రీఫులు దెబ్బతింటాయి. 262 కాస్తా 222 అయింది, 40 లక్షలు తగ్గింది అని మొదలుపెడితే అది నిజమే గానీ ముఖ్యమైనది కాదు. ఆ 40లో 27 గెలుపు. గెలిచినప్పుడు పైప్‌లైన్ తగ్గడం మంచి వార్త. మేనేజరు ఈ నెలాఖరుకు పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి కాబట్టి ఆయనకు కావలసింది వేరే అంకె.

F కాలమ్ చూడండి. నవంబరులో వస్తాయని పోయిన వారం అనుకున్నవి ఆసుపత్రి 28, కోల్డ్ స్టోరేజ్ 45, మొత్తం 73 లక్షలు. ఇప్పుడు ఆసుపత్రి 27కి వచ్చింది, కోల్డ్ స్టోరేజ్ డిసెంబరుకు వెళ్లిపోయింది. నవంబరు 73 నుంచి 27కి పడింది. కోల్డ్ స్టోరేజ్ విలువలో పైసా మారలేదు కాబట్టి పైన కూడికలు తీసివేతల్లో అది ఎక్కడా కనపడలేదు. అయినా ఈ వారం పెద్ద వార్త అదే. అందుకే విలువ మార్పునూ తేదీ మార్పునూ విడివిడిగా చూడాలి. ఒకే డీల్ రెండోసారి తేదీ మార్చుకుంటే ఎన్నోసారో తప్పకుండా రాయండి. "తేదీ మారింది" అంటే ఎవరూ పట్టించుకోరు. "రెండోసారి మారింది, రెండుసార్లూ కారణం బ్యాంకే" అంటే మేనేజరు ఫోన్ తీస్తారు.

డీల్ విలువను గెలిచే శాతంతో గుణించి రాయమని కొందరు అంటారు. వందల డీల్స్ ఉన్న కంపెనీలో దానికి అర్థముంది. ఆరు డీల్స్ ఉన్నచోట నా లెక్కలో అది కంటితుడుపే. 45 లక్షల కోల్డ్ స్టోరేజిని 60 శాతం అని 27గా చూపిస్తే, ఆ 27 లక్షల పీవో ఎవరూ ఇవ్వరు. వస్తే 45, రాకపోతే సున్నా. దాని బదులు దేని మీద ఆగి ఉందో ఒక్క ముక్క రాస్తే ఎక్కువ ఉపయోగం.

ఫాలో అప్ అన్న మాట వాడకుండా ఫాలో అప్ రాయండి

"కోల్డ్ స్టోరేజ్ ఫాలో అప్ చేయాలి – రమేష్." ఈ వరస వచ్చే వారం కూడా ఇలాగే ఉంటుంది, ఆ పై వారం కూడా. అయిందో కాలేదో ఎవరూ తేల్చలేరు కాబట్టి అది ఎప్పటికీ అవదు. ఒక పని రాసేటప్పుడు నాలుగు సంగతులు రావాలి: ఒక్క మనిషి పేరు, అతను వెళ్లి కలవాల్సిన మనిషి, తేదీ, అయిందనడానికి చూపించాల్సిన వస్తువు. ఇదే పనిని మార్చి రాస్తే: "రమేష్: ఓనరుగారితో కలిసి బ్యాంకు బ్రాంచి మేనేజరును కలిసి, లోను ఫైలులో ఏ కాగితం ఆగిందో బుధవారం 26లోగా మెసేజ్ చేయాలి." బుధవారం రాత్రి ఆ మెసేజ్ ఉంటుంది, లేదా ఉండదు. వాదన లేదు.

ఇద్దరి పేర్లు రాయకండి. "రమేష్, సుజాత" అంటే రమేష్ సుజాత చూసుకుంటుందనుకుంటాడు, ఆమె కూడా అలాగే అనుకుంటుంది. ఇద్దరూ వెళ్లాల్సిన పనైనా జవాబు చెప్పేది ఒక్కరే. ఒకరికి మూడు పనులు దాటనివ్వకండి. దాటుతున్నాయంటే మిగతావి రోజువారీ పనులన్నమాట, అవి సేల్స్‌మన్ సొంత డైరీలో ఉండాలి.

అన్నిటికంటే పైన మేనేజరు చేయాల్సినవి పెట్టండి. "సార్‌తో మాట్లాడాలి" అని నోట్సులో ఉన్న ప్రతి మాటా నిజానికి సార్ పనే, సేల్స్‌మన్ పని కాదు. స్పిన్నింగ్ మిల్లు 2 శాతం తగ్గింపు అడుగుతోంది, 63 లక్షల మీద అది 1.26 లక్షలు. ఇస్తారా ఇవ్వరా అన్నది మంగళవారానికి చెప్పాలి. అడిగేటప్పుడు అంకె, గడువు రెండూ ఉండాలి. ఆలోచించండి అని రాస్తే ఆలోచిస్తూనే ఉంటారు.

పోయిన వారం ఒప్పుకున్న పనులు ఏమయ్యాయో కూడా రెండు వాక్యాల్లో రావాలి. కానివాటిని కొత్త పనుల్లో కలిపేయకుండా పక్కన "రెండో వారం" అని గుర్తు పెట్టండి. దీంట్లో తిట్టు ధ్వనించకూడదు. "ఇమ్రాన్ అశ్రద్ధ వల్ల" అని మీరు రాయకండి, రాయాల్సిన వాళ్లు మీరు కాదు. "సవరించిన రేటు పంపడం పెండింగులో ఉండగా డీల్ పోయింది" అన్నది జరిగిన విషయం. అది చాలు.

తయారైన పేజీ

ఇవన్నీ కూర్చితే మన ఉదాహరణ బ్రీఫ్ ఇలా ఉంటుంది:

> సేల్స్ బ్రీఫ్: నవంబరు 15 నుంచి 22 వరకు (విలువలు లక్షల్లో, జీఎస్టీ కాకుండా)
>
> నవంబరులో వస్తాయనుకున్న 73లో 27 వచ్చింది (ఆసుపత్రి, పీవో అందింది). కోల్డ్ స్టోరేజ్ 45 డిసెంబరు 15కి జరిగింది. ఇది రెండోసారి. రెండుసార్లూ కారణం బ్యాంకు లోను.
>
> పైప్‌లైన్: 262 + కొత్తవి 41 + పెరిగింది 4 − తగ్గింది 22 − గెలిచింది 27 − పోయింది 36 = 222
>
> స్పిన్నింగ్ మిల్లు 84 నుంచి 63: కాంట్రాక్టు లోడు తక్కువ, 150 కిలోవాట్లకే కొటేషన్.
> రైస్ మిల్లు 36 పోయింది: మంగళవారం వేరేవాళ్లకు అడ్వాన్సు ఇచ్చారు.
> కల్యాణ మండపం 15 నుంచి 19. కొత్తవి: ఐస్ ఫ్యాక్టరీ 23, చిల్లింగ్ సెంటర్ 18.
> కాలేజీ 54: కదలిక లేదు. ట్రస్టు సమావేశం వాయిదా, కొత్త తేదీ తెలియదు.
>
> మీరు తేల్చాల్సినది: స్పిన్నింగ్ మిల్లుకు 2% (1.26) తగ్గింపు, అవునో కాదో మంగళవారం 25లోగా.
>
> రమేష్: కోల్డ్ స్టోరేజ్ ఓనరుతో బ్యాంకుకు వెళ్లి, ఆగిన కాగితం ఏదో మెసేజ్ చేయాలి, బుధ 26. స్పిన్నింగ్ మిల్లు 150 కిలోవాట్లకు ఒప్పుకుంటున్నట్టు ఈమెయిల్ తేవాలి, శుక్ర 28. చిల్లింగ్ సెంటర్ 12 నెలల కరెంటు బిల్లులు తేవాలి, మంగళ 25.
> సుజాత: ఆసుపత్రి అడ్వాన్సు రసీదు అకౌంట్స్‌కు ఇవ్వాలి, సోమ 24. కాలేజీ ట్రస్టు సమావేశం తేదీ కనుక్కుని మెసేజ్ చేయాలి, మంగళ 25 (రెండో వారం).
> ఇమ్రాన్: ఐస్ ఫ్యాక్టరీ సైట్ చూసి ఫొటోలు పంపాలి, బుధ 26. కల్యాణ మండపం పైకప్పు మీద 40 కిలోవాట్లకు చోటుందో కొలతలు తేవాలి, గురు 27. రైస్ మిల్లు ఎంత రేటుకు వెళ్లిందో రెండు వాక్యాలు రాసివ్వాలి, సోమ 24.
>
> పోయిన వారం పనులు 7: 5 అయ్యాయి. కాలేజీ సమావేశం తేదీ కొనసాగుతోంది. రైస్ మిల్లుకు సవరించిన రేటు పంపడం పెండింగులో ఉండగా డీల్ పోయింది.

కల్యాణ మండపం పనిని గమనించండి. విలువ 4 లక్షలు పెరిగినట్టు పైన రాశాం గానీ, ఆ పైకప్పు మీద 40 కిలోవాట్లు పడతాయో లేదో ఎవరూ కొలవలేదు. పెరిగిన విలువ వెనక ఆధారం లేనప్పుడు దాన్ని తేల్చే పని కింద తప్పకుండా ఉండాలి. లేకపోతే వచ్చే వారం అదే 4 "తగ్గింది" ఖాతాలో తేలుతుంది.

పంపే ముందు, పంపాక

బ్రీఫ్ మేనేజరుకు వెళ్లే ముందు ఒక్కొక్కరికీ వాళ్ల వరసలు మాత్రం పంపండి. తప్పులుంటే దిద్దమనండి, అరగంట గడువు ఇవ్వండి. అంకె, తేదీ తప్పయితే మార్చండి. "పోయింది అనకుండా ఆగింది అని రాయరా" అంటే మార్చకండి. అభిప్రాయం వేరుగా ఉంటే వాళ్ల మాటగానే రాయండి: "డిసెంబరు 15 అన్నది రమేష్ అంచనా, బ్యాంకు నుంచి రాతపూర్వకంగా ఏమీ రాలేదు." మీ ఊహకు అక్కడ చోటు లేదు.

తగ్గింపులు, రేట్లు ఉన్న కాగితం కాబట్టి టీం గ్రూపులో పెట్టకండి. సర్వీసు వాళ్లు, ఇన్‌స్టలేషన్ కాంట్రాక్టర్లు కూడా ఉండే గ్రూపులైతే మరీను. మేనేజరుకు ఈమెయిల్‌లో మామూలు టెక్స్టుగా పంపండి, షీటు లింకు కింద పెట్టండి. అటాచ్‌మెంటును ఫోన్‌లో ఎవరూ తెరవరు. గ్రూపులో పెట్టదలిస్తే ఎవరి పనులు వాళ్లకున్న భాగం మాత్రం, రేట్లు లేకుండా పెట్టండి.

మేనేజరు జవాబిస్తే, ఉదాహరణకు "ఒక శాతానికి మించి వద్దు" అంటే, ఆ మాటను అప్పుడే `This` ట్యాబులో స్పిన్నింగ్ మిల్లు వరస పక్కన తేదీతో సహా రాసి, రమేష్‌కు చెప్పండి. విలువ మాత్రం ఇప్పుడే మార్చకండి. సవరించిన కొటేషన్ బయటికి వెళ్లాకే, అదీ శనివారం `Last` లోకి కాపీ అయిపోయి `This` ను మళ్లీ నింపేటప్పుడే 63 మారాలి, అప్పుడు లెక్క కలిపేటప్పుడు ఆ తేడా దానంతటదే బయటపడుతుంది.